తప్పు హార్స్లీ కొండది కాదు, అడ్రసుది

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. హాస్టల్ వైఫై కోసం నెలనెలా తలా ఇంత వేసుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముఖ్యంగా చదవండి.

మదనపల్లెలో మేముండే హాస్టల్లో నెట్ ఏడిపిస్తే అందరూ ఒకటే మాట అంటారు: "హార్స్లీ కొండ అడ్డం రా, ఏం చేస్తాం." మేమూ చాన్నాళ్లు అదే నమ్మినాం. కానీ మా హాస్టల్‌కి వచ్చేది ఫైబర్ తీగ. తీగలో వచ్చే నెట్‌కి కొండ అడ్డమేంది? సెల్ సిగ్నల్‌కైతే అడ్డం రావచ్చు, అది వేరే సంగతి.

నెట్ ఇచ్చే ఆయన్ని అడిగితే "పెద్ద ప్లాన్ తీసుకోండి" అన్నాడు. డబ్బులు పోగేసి తీసుకున్నాం. స్పీడ్ టెస్టులో అంకె రెట్టింపైంది. అయినా మా రూమ్మేట్ తన ల్యాప్‌టాప్‌లో నడిపే మైన్‌క్రాఫ్ట్ లోకంలోకి కుప్పంలో ఉండే దోస్తు రాలేకపోయినాడు. పుంగనూరు పక్క తాండాలో ఉండే అమ్మకి వీడియో కాల్ చేస్తే ఎప్పట్లాగే "కనెక్టింగ్" అని తిరిగి తిరిగి కలిసింది, మాట ఆలస్యంగా పోయింది. స్పీడు పెరిగింది, రోగం పోలేదు. అప్పుడు ఈసీఈ చదివే ఒక సీనియర్ అక్క "ముందు మీ రౌటర్ అడ్రస్ చూడండి" అనింది.

చూడడం సులువే. రౌటర్ సెట్టింగుల పేజీలో `WAN IP` అనే చోట ఉన్న నంబరు రాసుకోవాలి. తర్వాత అదే వైఫై మీద గూగుల్‌లో `what is my ip` అని కొట్టి, వచ్చే నంబరుతో పోల్చాలి (రెండు చోట్లా నాలుగు అంకెల నంబరే తీసుకోండి, పొడుగ్గా అక్షరాలతో వచ్చేది కాదు). మాకు ఇట్లా వచ్చింది, అంకెలు మార్చి రాస్తున్నాం:

```
WAN IP        : 100.72.14.9
what is my ip : 203.0.113.25
```

రెండూ ఒకటైతే ఆ బయటి అడ్రస్ మీ రౌటర్‌దే. మాకు వేరు. పైగా 100.64 నుంచి 100.127 దాకా మొదలయ్యే అడ్రస్‌లను, కంపెనీలు తమ కస్టమర్లకు లోపల్లోపల ఇచ్చుకోవడానికని 2012 ఏప్రిల్లో విడిగా కేటాయించినారు. అంటే మాకు సొంతంగా బయటి అడ్రస్ లేదు. మాతోబాటు ఎన్నో ఇళ్లు ఒకే బయటి అడ్రస్ వెనక ఉన్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు.

మనకిది కొత్తేం కాదు. ఇళ్లకు డోరు నంబర్లు లేని మన కాలనీల్లో ఉత్తరాలన్నీ ఒక పెద్దమనిషి ఇంటికొస్తాయి. మనం రాసిన ఉత్తరానికి జవాబొస్తే "ఫలానావాళ్లు రాసినారు కదా" అని గుర్తుపట్టి ఇస్తాడు. మనం ఏమీ రాయకుండా ఎవరో కొత్తవాళ్లు ఉత్తరం వేస్తే? ఎవరికివ్వాలో ఆయనకి తెలీదు, పక్కన పెట్టేస్తాడు. కంపెనీ దగ్గరుండే పెట్టె చేసేదీ ఇదే.

మరి ఎందుకిట్లా? పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం సుమారు 429 కోట్లే. మన ఆసియా ప్రాంతానికి పంచే సంస్థ 2011 ఏప్రిల్లోనే చివరి మూటకొచ్చేసింది. తర్వాత వచ్చిన కంపెనీలకు పంచుకోక తప్పలేదు. కాబట్టి పంచుకోవడమే తప్పని మేము అనడంలేదు.

ఇప్పుడు మైన్‌క్రాఫ్ట్ సంగతి. ఫ్రీ ఫైర్, బీజీఎంఐ లాంటివి మాకు బాగానే నడుస్తాయి. ఎందుకంటే అందులో ప్రతి ఫోనూ కంపెనీ సర్వర్‌కి తానే పోతుంది, జవాబు వెనక్కొస్తుంది. మా రూమ్మేట్ ల్యాప్‌టాపే సర్వర్ అయినప్పుడు కుప్పం దోస్తు బయట్నుంచి తలుపు తట్టాల. రూమ్మేట్ యూట్యూబ్ చూసి రౌటర్‌లో 25565 పోర్టు తెరిచినాడు, రెండు రాత్రులు కూర్చున్నాడు. పాపం, తెరిచింది లోపలి తలుపు. తట్టిన చప్పుడు కంపెనీ పెట్టె దగ్గరే ఆగిపోతుంది, ఆ పెట్టె మన చేతిలో లేదు. అదే ల్యాప్‌టాప్‌కి హాస్టల్ వైఫైలోనే ఉన్న పక్క రూమువాళ్లు హాయిగా కలిసి ఆడుకుంటారు. అది బయటికే పోదు కాబట్టి.

కాల్ సంగతి ఇంకొంచెం చిక్కు. కాల్ నేరుగా కలవాలంటే రెండు ఫోన్లూ ముందు బయట ఉండే ఒక సర్వర్‌ని "నేను బయటికి ఏ అడ్రస్, ఏ పోర్టుతో కనిపిస్తున్నా?" అని అడుగుతాయి. ఆ జవాబును ఒకదానికొకటి చెప్పుకుని, రెండూ ఒకేసారి పంపుకుంటాయి. రెండు పెట్టెలూ "ఇది మనం రాసినదానికి జవాబే" అనుకుని లోపలికి వదుల్తాయి. కొన్ని పెట్టెలు మాత్రం అడిగే చోటును బట్టి పోర్టు మార్చేస్తాయి. సర్వర్‌కి ఒక పోర్టు కనిపిస్తే, అమ్మ ఫోన్‌కి పోయేది ఇంకో పోర్టు నుంచి. చెప్పిన తలుపు ఒకటి, వచ్చే తలుపు ఇంకొకటి. అమ్మ సిమ్ కూడా అట్లాంటి పెట్టె వెనకే ఉంటే నేరుగా కలవడం దాదాపు కుదరదు. అప్పుడు యాప్ ఆ కాల్‌ని మధ్యలో ఒక సర్వర్ మీదుగా తిప్పుతుంది. మదనపల్లె నుంచి పుంగనూరు పక్కకు పోవాల్సిన మాట ఏదో దూరపు నగరం చుట్టి వస్తుంది. అట్లా తిప్పే సర్వర్ లేని చిన్న యాప్‌లైతే కాల్ కలవనే కలవదు. (వాట్సాప్‌లో `Protect IP address in calls` అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే పెట్టెతో పనిలేకుండా కాల్ ఎట్లాగూ సర్వర్ మీదుగానే పోతుంది. ముందు అది చూసుకోండి.)

నిజంగా ఒప్పుకోలేనిది మూడోది. ఒక అడ్రస్‌కి పోర్టులు 65,536. మొదటి 1,024 పక్కన పెట్టి, మిగిలినవి 64 మంది కస్టమర్లకు సమానంగా పంచినారనుకుందాం. ఒక్కొక్కరికి 1,008 వస్తాయి. నలుగురుండే ఇంటికి ఇది చాలు. కంపెనీ లెక్కలో మా హాస్టల్ కూడా ఒక్క కస్టమరే! నలభై ఫోన్లు రాత్రి తొమ్మిదికి ఒకేసారి తెరుచుకుని ఒక్కోటి 30 కనెక్షన్లు పట్టుకుంటే 1,200. వాటా దాటిపోయింది. దీని గుర్తు ఏందంటే, అప్పటికే కలిసిన కాల్ బాగా నడుస్తుంటుంది, పక్క మంచంమీద కొత్తగా యాప్ తెరిచినోడికి ఏదీ రాదు. వైఫై సిగ్నలే బలహీనమైతే ఇద్దరికీ తెగుతుంది. దీనికి స్పీడు పెంచి లాభం లేదు. మేము కట్టిన అదనపు డబ్బు అట్లా నీళ్లపాలైంది.

కంపెనీలు ఏం చేయాలో 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6888 అనే పత్రంలో రాసే ఉంది. లోపలి ఒక పోర్టుకు బయట ఒకే పోర్టు చూపించాలి, ఎవరితో మాట్లాడినా మార్చకూడదు అని. ఒక్కో కస్టమర్‌కు ఎన్ని పోర్టులో హద్దు పెట్టే వీలుండాలనీ ఉంది. ఆ హద్దు ఎంతో కొనేవాడికి మాత్రం ఎవరూ చెప్పరు. ప్లాన్ కాగితంమీద స్పీడు మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. అడ్రస్ పంచుకుంటున్నామని చెప్పకుండా పెద్ద ప్లాన్ అమ్మడం మాకు మోసంలాగే కనిపిస్తోంది. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదటోళ్లం, ఇట్లాంటివి అడగాలని చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ పోస్టు.

మీ హాస్టల్ కమిటీ ఈసారి డబ్బు కట్టేముందు మూడు అడగండి. ఐపీవీ6 ఇస్తారా? కొత్త పద్ధతి అడ్రస్‌లు కావలసినన్ని ఉన్నాయి, రెండు పక్కలా అది ఉంటే కాల్‌కి ఈ పెట్టెతో పనే ఉండదు. జియో 2016లో మొదలైనప్పట్నుంచీ ఇస్తోంది కాబట్టి కుదరదనే మాట నమ్మొద్దు. వచ్చిందో లేదో `test-ipv6.com` తెరిస్తే తెలుస్తుంది. రెండోది, మా వాటా పోర్టులెన్ని, నలభైమందికి తగ్గట్టు పెంచుతారా? మూడోది, హాస్టల్‌కి సొంత బయటి అడ్రస్ ఒకటి కావాలంటే నెలకెంత?

మా హాస్టల్ తరఫున ఈ మూడూ కాగితంమీద రాసి పోయిన సోమవారం ఇచ్చినాం. పెద్ద ప్లాన్ తీసేసి పాతదానికే మార్చమని కూడా రాసినాం. ఇంకా జవాబు రాలేదు. మీ రౌటర్‌లో 100తో మొదలయ్యే నంబరు కనిపిస్తే, ఏ ఊరో కింద రాయండి.