చివరి పేజీలో ఎవరికి మంగళం?

మన ఇంటి పారాయణం పుస్తకం మళ్ళీ అచ్చుకు వెళ్తోంది కదా. లోపలి పాటల గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా చివరి పేజీ దగ్గర వచ్చింది. పాత పుస్తకంలో ఆ పేజీ మీద రెండు సంస్కృత మంగళ శ్లోకాలు, వాటి కింద అచ్చు ఖర్చు పెట్టుకున్నవాళ్ళకు ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని ఒక వాక్యం ఉన్నాయి. పెద్దనాన్నగారు దాన్ని కదపొద్దంటారు. పిల్లలేమో బడిలో నేర్చుకున్న పసాయదానాన్ని తెలుగు లిపిలో వేసేద్దాం అంటారు. నేను మూడో మాట అంటున్నాను. చదివేవాళ్ళ కోసం మనమే తెలుగులో నాలుగు పాదాలు రాసుకుందాం.

ముందు పిల్లల మాటే తీసుకుందాం, ఎందుకంటే అందులో బలం ఉంది. జ్ఞానేశ్వరుడు నేవాసాలో 1290లో జ్ఞానేశ్వరి ముగించి, పద్ధెనిమిదో అధ్యాయం చివర తొమ్మిది ఓవీలలో దేవుణ్ణి ఒక ప్రసాదం అడిగాడు. అదే పసాయదానం. తన కోసం ఏమీ అడగలేదు. డబ్బిచ్చిన ప్రభువు పేరు అందులో లేదు. దుష్టుల్లోని దుష్టత్వం పోవాలి, ప్రాణులన్నీ ఒకదానితో ఒకటి స్నేహంగా ఉండాలి, ఎవరు ఏది కోరుకుంటే వాళ్ళకు అది దొరకాలి అన్నాడు. గోండ్‌పిప్రిలో మరాఠీ బడికి వెళ్ళే మన పిల్లలకు పుస్తకం ముగింపు అంటే అదే తెలుసు. ఆ చెవితో మన మంగళం వింటే, "ఇందులో మన ఊసేది?" అని వాళ్ళకు అనిపించడంలో తప్పేమీ లేదు.

నిజంగానే మన చివరి పేజీల్లో చదివేవాడి వాటా తక్కువ. పాత తెలుగు కావ్యాల్లో ఆశ్వాసం చివర వచ్చే పద్యాలు కృతిభర్తను పిలుస్తాయి, అంటే పుస్తకం ఎవరికి అంకితమో వాళ్ళను. పోతన ప్రతి స్కంధం చివరా రాముణ్ణి పిలుస్తాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను వేంకటేశ్వరుడికి అంకితమిచ్చాడు, పిలుపూ ఆయనకే. పాటకచేరీల్లోనూ ఇంతే. బెంగళూరులో అయినా చెన్నైలో అయినా కచేరీ చివర సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజస్వామి తెలుగు మంగళం వినిపిస్తుంది, కానీ అందులో మంగళం కోరేది స్వామి నామానికి, రూపానికి. విన్నవాళ్ళకు మిగిలేది ఫలశ్రుతి. ఫలశ్రుతి దీవెన కాదని నా అభిప్రాయం. "ఇది చదివితే నీకు అది వస్తుంది" అనడం ఒప్పందం లాంటిది. చదవకపోతే రాదన్నమాట. దీవెనకు అలాంటి షరతు ఉండదు.

మరి పెద్దనాన్నగారి అభ్యంతరం ఏమిటంటే, "చదివేవాళ్ళలో మనకంటే పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళను దీవించడానికి మనమెవరం?" ఇది కొట్టిపారేసే మాట కాదు. మనలో దీవెన పైనుంచి కిందికే వస్తుంది. చిన్నవాళ్ళు కాళ్ళకు దణ్ణం పెడతారు, పెద్దవాళ్ళు అక్షింతలు వేస్తారు. తిరగేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

కానీ మంగళాశాసనం అనే మాట వెనకున్న కథే దీనికి జవాబు. విష్ణుచిత్తుడు, అంటే పెరియాళ్వారు, మధురలో పాండ్యరాజు సభలో వాదం గెలిచాడు. ఆయన్ని ఏనుగు మీద ఊరేగిస్తుంటే ఆ వైభవం చూడటానికి విష్ణువే గరుడుడి మీద దిగివచ్చాడు. ఆళ్వారు వరం అడగలేదు. ఇంత అందమైనవాడు ఇంతమంది కళ్ళబడ్డాడే, దిష్టి తగులుతుందేమో అని కంగారుపడి, ఏనుగు మెడలోని గంటలే తాళంగా చేసుకుని, స్వామీ నువ్వు వేల ఏళ్ళు చల్లగా ఉండాలని పాడాడు. అదే తిరుప్పల్లాండు. చిన్నవాడు పెద్దవాణ్ణి దీవించాడు. అదీ అన్నిటికన్నా పెద్దవాణ్ణి! వైష్ణవ పెద్దలు దీన్ని తప్పనలేదు. ప్రేమ ముదిరినప్పుడు ఎవరు ఎవర్ని కాపాడాలో తారుమారవుతుందని, తల్లికి బిడ్డ మీద ఉండే భయం లాంటిదే ఇదని అన్నారు. తిరుమల సుప్రభాతం చివరి భాగమైన 14 శ్లోకాల మంగళాశాసనమూ ఆ దారిలోదే. స్వామికే మంగళం చెప్పగా లేనిది, మనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు చెప్తే తప్పెలా అవుతుంది?

అయినా పెద్దనాన్నగారి ఇబ్బంది పూర్తిగా పోదు. అది భాషలోనే ఉంది. మా నానమ్మ "సల్లంగుండు బిడ్డా" అనేది. ఆ "ఉండు" ఆజ్ఞ రూపం. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతోనే అనగలరు. పోనీ "సల్లంగుండాలె" అంటే? "ఉండాలి" అన్నప్పుడు కోరికా ఉంది, తప్పనిసరీ ఉంది. "రేపు ఎనిమిదింటికి ఆఫీసులో ఉండాలి" అన్నా అదే క్రియ. నేను చదివిన కన్నడంలో ఈ ఇరకాటం లేదు. "ఒళ్ళెయదాగలి" అంటే మంచి జరుగుగాక అని, అంతే. ఉండి తీరాలనడానికి అక్కడ వేరే రూపం ఉంది. మరాఠీలోనూ "హోవో" ఉంది, పిల్లల నోట్లో రోజూ ఆడుతుంది. తెలుగులో అచ్చంగా కోరికకే ఉన్న రూపాలు గాక, గాత, -త. "అగుగాక", "వెలుగుగాత", "మనుత". ఇవి ఎవర్నీ ఆజ్ఞాపించవు, ఎదురుగా నిలబెట్టి "నువ్వు" అనవు. అందుకే పైకీ చెప్పొచ్చు, కిందికీ చెప్పొచ్చు. ఇప్పుడు ఇవి పెళ్ళిలో పంతులుగారి నోట తప్ప వినబడవు. అందుకే చివరి పేజీలోనైనా ఉండాలంటున్నాను.

నేను ప్రతిపాదిస్తున్న ఆటవెలది ఇది:

చదివినట్టి వారు చల్లగా నుండుత
విన్నవారి యింట వెన్నెలగుత
పంచిపెట్టు వారి పంటలు పండుత
ప్రాణహితయు నిండి పారు గాత

దీన్ని ఎలా సరిచూసుకోవాలో కూడా చెప్తాను. నా ఉద్యోగమే టెస్టింగ్ కాబట్టి ఆ పని లేకుండా నాకు తృప్తి ఉండదు. ఆటవెలదిలో ఒకటో పాదం, మూడో పాదం మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రకాలు. మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువులు, మామూలు పొట్టి అక్షరం లఘువు.

నోటికి మొదట వచ్చే వాక్యం "చదివిన వారందరు". దాన్ని విరిచి చూడండి. "చదివి" మూడు లఘువులు, బాగానే ఉంది. తర్వాత "నవా" వస్తుంది, లఘువు మీద గురువు. అలా మొదలయ్యే సూర్యగణం లేదు, అక్కడే పాదం కుంటుతుంది. "చదివినట్టి" అంటే ట్ట ఒత్తు వల్ల దాని ముందున్న న గురువైపోతుంది, "నట్టి" గణం నిలబడుతుంది. "వారు" మూడో గణం. ఆ తర్వాత "చల్లగా", "నుండుత" రెండూ ఇంద్రగణాలు. నానమ్మ "సల్లంగ" ఇందులోకి ఇలా వచ్చి కూర్చుంది.

కన్నడంలోనో మరాఠీలోనో చదువుకున్నవాళ్ళకు దొరకనిది యతి. కన్నడ బడిలో గురులఘువులు, గణాలు, రెండో అక్షరం ప్రాస అన్నీ చెప్తారు గానీ, ఈ యతి అక్కడ లేదు. ఓవీకి పాదాల చివర ప్రాస ఉంటుంది. తెలుగులో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం చుట్టం కావాలి. పై పద్యంలో చ-చ, పం-పం, ప్రా-పా చూడగానే తెలుస్తాయి. రెండో పాదంలో వి-వె. హల్లు ఒకటే, ఇ, ఎ అచ్చులకు మైత్రి ఉంది కాబట్టి చెల్లుతుంది. అదే "వాన" అని ఉంటే చెల్లదు. చదివేటప్పుడు ఆ నాలుగో గణం దగ్గర గొంతు కొంచెం ఆగి మళ్ళీ ఎత్తుకుంటుంది. యతి తప్పితే అక్కడ మెట్టు లేనట్టు అనిపిస్తుంది.

గణం కుదిరినంత మాత్రాన మంగళం కుదిరినట్టు కాదు. నాలుగో పాదంలో "నిండి" అనే ఉండాలి, "నిండుకొని" అని ఎవరూ మార్చొద్దు. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. లేవు అనే మాట నోట రాకూడదని అలా తిప్పి చెప్తాం. ప్రాణహిత నిండుకుంటే ఎండిపోయినట్టే! ఈ భయంతోనే మంగళంలో రోగం, అప్పు, శత్రువు అనే మాటలు లేకుండా చూసుకున్నాను. "రోగములు లేకుండు గాక" అన్నా ముందు రోగమే వినబడుతుంది. జ్ఞానేశ్వరుడు దుష్టత్వం పేరెత్తాడు గానీ ఆయన స్థాయి వేరు.

ప్రాణహిత ఎందుకంటే, ఇటు వార్ధా, అటు వైన్‌గంగా తుమ్మిడిహెట్టి దగ్గర కలిస్తేనే ఆ నది పుట్టేది. ఆపైన కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మన ఊరి వైపు నీళ్ళూ, మన బంధువుల ఊళ్ళ నీళ్ళూ కలిసే పేరు అదొక్కటే. 2022 ఏప్రిల్‌లో పుష్కరాలకు రెండు వైపుల వాళ్ళమూ అందులోనే మునిగాం.

ఇక పేజీ వరస సంగతి. కచేరీలో మంగళం తర్వాత ఇంకో పాట పాడరు. పుస్తకంలోనూ దాని తర్వాత ఏదీ రాకూడదు. కాబట్టి దాతల పేర్లు లోపలి అట్ట మీదికి, తప్పొప్పుల పట్టిక విషయసూచిక పక్కకి పోవాలి. తప్పులు మన్నించమనే మాట మంగళానికి ముందే రావాలి. పెద్దనాన్నగారి రెండు శ్లోకాలూ స్వామికి మంగళం చెప్తాయి కాబట్టి ముందు అవి, వాటి కింద ఈ పద్యం, ఆ పేజీలో ఇంకేమీ వద్దు. పసాయదానం పిల్లలు పారాయణం రోజున చదవనీ, అచ్చులో మాత్రం వద్దు. అది వాళ్ళ మరాఠీ పుస్తకంలో ఎలాగూ ఉంది, మన పద్యం ఇంకెక్కడా ఉండదు.

ఒక చిన్న మాట అచ్చువాళ్ళకు. "పారు"లో పాత బండి ఱ వేద్దామని ఒకరు అడిగారు. నిఘంటువు ప్రకారం అదే సరైనది. కానీ ఇక్కడి పిల్లలు దాన్ని గుర్తుపట్టరు, చదువుతూ చదువుతూ సరిగ్గా యతి దగ్గరే ఆగిపోతారు. మామూలు ర వేయండి.