రాయి మీది, శిక్ష పెరుగుకా?

మన ఇళ్ళల్లో ఎవరికైనా కిడ్నీలో రాయి వచ్చిందంటే మర్నాటి నుంచి ఆగిపోయేది పాల ప్యాకెట్. తర్వాత పెరుగు. "రాయంటే కాల్షియమే కదా, మరి కాల్షియం ఎలా తింటారు?" అంటారు. వినడానికి లెక్క సరిగ్గానే ఉంటుంది. నా గొడవంతా ఆ లెక్క మీదే.

కిడ్నీ రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. పేరులో ఇద్దరున్నారు, తిట్లు మాత్రం ఒక్కరికే. ఆ రెండోవాడు, ఆక్సలేట్, దండిగా ఉండేది మన పాలకూరలో. పాలకూర తిన్నాక పళ్ళు గరగరలాడతాయి చూడండి, అది వాడి పనే.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయన్నదే అసలు సంగతి. పేగులో కలిస్తే గట్టిగా అతుక్కుని, కరగని పదార్థంగా మారి, మలంతో బయటికి పోతాయి. పేగులో కాల్షియం దొరక్కపోతే ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి దూరి, కిడ్నీకి చేరి, అక్కడ మూత్రంలో ఉన్న కాల్షియంతో కలుస్తుంది. పెళ్ళి పేగులో అయితే ఇబ్బంది లేదు, కిడ్నీలో అయితేనే రాయి.

మా ఆడపడుచు ఇంట్లో జరిగింది చెప్తాను. అన్నయ్యగారికి రాయి పడింది, ల్యాబ్‌లో చూస్తే ఆక్సలేట్ రాయే. చుట్టాల సలహాతో పాలు, పెరుగు మానేశారు. ఒంటికి మంచిదని పొద్దున్నే పరగడుపున పచ్చి పాలకూర జ్యూస్ మొదలెట్టారు. వంద గ్రాముల పాలకూరలో ఆక్సలేట్ ఆకుని బట్టి మారుతుంది, ఓ 700 మిల్లీగ్రాములు అనుకుందాం. అందులో పదో వంతు రక్తంలోకి వెళ్ళినా 70. మూత్రంలో రోజు మొత్తానికి 40 దాటితేనే డాక్టర్లు ఎక్కువంటారు. ఒక్క గ్లాసుతో గీత దాటేశారన్నమాట!

"వదినా, పెరుగు పెడితే రాయి పెరగదూ?" అంది మా ఆడపడుచు. పెరగదు. 700 మిల్లీగ్రాముల ఆక్సలేట్‌ని పూర్తిగా కట్టేయడానికి 300 పైచిలుకు మిల్లీగ్రాముల కాల్షియం చాలు. అందులో కొంత ఆకులోనే కాల్షియంతో కట్టుబడి ఉంటుంది కూడా. ఓ పెద్ద కప్పు పెరుగులో సుమారు 250 ఉంటుంది. అంటే ఆయన మానేసిన కప్పే ఆయనకి కావలసిన కాపలా.

ఇది నా వంటింటి సిద్ధాంతం కాదు. ఇటలీలో పదే పదే రాళ్ళొచ్చే 120 మంది మగవాళ్ళని రెండు జట్లు చేసి ఐదేళ్ళు చూశారు. ఒక జట్టుకి కాల్షియం తగ్గించారు. రెండో జట్టుకి కాల్షియం మామూలుగానే ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్ళీ రాళ్ళొస్తే, రెండో జట్టులో 12 మందికే. ఉప్పు తగ్గడమూ అందుకు సాయపడి ఉంటుంది, కానీ కాల్షియం మానడం రక్షించలేదన్నది మాత్రం స్పష్టం.

ఇక ఇంకో ప్రచారం. పాలకూరలో పనీర్ వేస్తే కాల్షియం వృథా అవుతుంది, కలపకండి అంటారు. కొంత కాల్షియం ఒంటికి పట్టని మాట నిజమే. పాలకూరలో ఉన్న కాల్షియంలో మనకి పట్టేది నూటికి ఐదు వంతులే. కానీ రాయి ఉన్న మనిషికి ఆ "వృథా"యే కదా మందు! ఎముకల కోసం పాలు ఇంకో పూట తాగుతాం. పాలకూర తిన్న పూట మాత్రం ఆక్సలేట్‌కి కాపలాగా కాల్షియం ఉండాలి. ఇక పాలకూరలో టమాటా వేస్తే రాళ్ళొస్తాయంటారు. టమాటాలో ఉన్న ఆక్సలేట్ పాలకూర ముందు లెక్కలోకే రాదు. పాపం, ఊరికే నింద మోస్తోంది.

ఆ పూటే అని ఎందుకంటున్నానంటే, పడుకునే ముందు వేసుకునే కాల్షియం మాత్ర మధ్యాహ్నం తిన్న పాలకూరని పట్టుకోలేదు. పేగులో ఇద్దరూ ఒకే సమయానికి ఉండాలి. డాక్టర్ మాత్ర రాసిచ్చి ఉంటే, భోజనంతో వేసుకోవచ్చా అని అడగండి.

రాయి గుణం ఉన్నవాళ్ళు పాలకూర తరచుగా తినకపోవడమే మేలు. తినాలనిపిస్తే విడిగా ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయండి, కరిగే ఆక్సలేట్ చాలావరకు వాటితో పోతుంది. కుక్కర్లో పప్పుతో కలిపి పెడితే అది గిన్నెలోనే ఉండిపోతుంది. జ్యూస్‌లో అయితే పారబోసేదేమీ లేదు. యూరిక్ యాసిడ్ రాయికి, పేగు జబ్బులున్నవాళ్ళకి లెక్క వేరు, అందుకే రాయి పడితే పారేయకుండా ల్యాబ్‌కి పంపండి. ఆక్సలేట్ రాయి అని తేలితే ఆపాల్సింది పాలవాణ్ణి కాదు, పొద్దుటి మిక్సీని.