పెండ్లిచూపులకు ముందొక మాట

మా నేస్తురాలొకతె తెనాలిలో ఒక పాఠశాలయందు ఉపాధ్యాయినిగా పనిచేయుచున్నది. వయస్సు 26 సంవత్సరములు. వచ్చు ఆదివారము సాయంకాలము 4 గంటలకు ఆమెను చూచుటకు హైదరాబాదునుండి పెండ్లివారు వచ్చుచున్నారట. మొన్న ఫోనులో ఈ సంగతి చెప్పుచు, "అక్కయ్యా, నలభైమంది పిల్లలముందు నిలబడి పాఠం చెప్పేదాన్ని, ఐదుగురి ముందు కూర్చోవాలంటే చేతులు వణుకుతున్నాయి" అన్నది. ఆమెతో మేము పలికిన మాటలనే ఈ మాసము ఇచట వ్రాయుచున్నాము. ఇట్టి ఆదివారము ముందుంచుకొన్న సోదరీమణులు మన పాఠకురాండ్రలో మఱికొందఱుందురు గదా.

భయపడవలదని మేము చెప్పలేదు. వారు చూచుటకే వచ్చుచున్నారు, చూతురు. ఎత్తు చూతురు, రంగు చూతురు, మాట వినుటకై అక్కఱలేని ప్రశ్నలు నాలుగు వేయుదురు. పూర్వము పిల్లను పాడుమనుట గొంతు వినుటకును, పుస్తకము చదువుమనుట నత్తి యున్నదేమో తెలిసికొనుటకును, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెమ్మనుట నడకలో లోపమరయుటకును. ఇప్పుడు జాతకముతోపాటు ఫొటోలు, చదువు, జీతము, అన్నియు ముందే వారి ఫోనులోనికి చేరుచున్నవి గనుక ఈ పరీక్షలకు పని తగ్గినది. అయినను ఒక పెద్దామె పాట పాడుమని యడుగవచ్చును. సంగీతము రానిచో "నేర్చుకోలేదండీ" అని నవ్వుచు చెప్పిన చాలును.

చేతుల వణకునకు ఉపాయము సులభము. కాఫీ పళ్ళెము పిల్లయే తేవలెనని శాస్త్రమేదియు లేదు. తప్పక తేవలసివచ్చినచో గ్లాసులను ముప్పాతికవఱకే నింపి, పళ్ళెమును బల్లపై నుంచి, అందిచ్చు పనిని తమ్మునికి విడువవలెను. పట్టుచీర క్రొత్తది వలదు. రెండుమూడు మార్లు కట్టి కుచ్చెళ్ళు మాట వినునట్టి చీర మేలు. పిల్లలు ఆనాడు భయముచే పస్తుండి, సాయంకాలమునకు తలతిరిగి మాట పెగలక యుందురు. మధ్యాహ్నము పెరుగన్నము తిని తీరవలెను. ముఖమునకు తెల్లని పొడి దట్టముగా పూయుట మాకు నచ్చదు; రంగునుబట్టియే కాదను ఇల్లు మఱునాడైనను కాదనును.

ఇంతవఱకు విన్న పిమ్మట ఆమె కొంతసేపు ఊరకుండి, అసలు మాట బయటపెట్టినది. "వాళ్ళు సరేనంటే నేను కాదనగలనా అక్కయ్యా? నాన్న పోయాక అమ్మ ఒక్కతే తిరుగుతోంది. ఇప్పటికి మూడు సంబంధాలు తప్పిపోయాయి. పది నిమిషాల్లో నాకేం తెలుస్తుంది?"

పది నిమిషములలో ఏమియు తెలియదనుటయే మా జవాబు. మనుష్యుని కోపము, అప్పులు, త్రాగుడు, తల్లిముందు ఒక విధముగాను తల్లి చాటున వేఱొకవిధముగాను నుండు నడత, ఇవి ఒక్క సాయంకాలమున బయటపడవు. కావున ఆదివారమునాడు "ఇతనిని పెండ్లాడుదునా" అను ప్రశ్నకు జవాబు వెదకుటయే పొరపాటు. "ఇతనిని మఱొకమారు చూచి మాటలాడవలెనని యున్నదా" అనునదే ఆనాటి ప్రశ్న. దీనికి పది నిమిషములు చాలును. ఈ భేదమును తల్లికి శనివారములోపల చెప్పి యొప్పించవలెనని ఆమెతో గట్టిగా నంటిమి. తల్లి ముందే సమ్మతించియున్నచో పెండ్లివారు లేచునప్పుడు ఆమెయే, "పిల్లలు ఇంకొక్కసారి మాట్లాడుకుంటే బాగుంటుంది. నాలుగు రోజుల్లో కబురు చేస్తాము" అని చెప్పగలదు. ఆ మాట పిల్ల నోట రాకుండ పెద్దల నోట వచ్చుట మన యిండ్లలో తేలిక. అప్పటికప్పుడు వాకిటిలో నిలుచుండి తల్లి ముఖమును బిడ్డయు బిడ్డ ముఖమును తల్లియు చూచుకొనుటవలననే అక్కఱలేని అంగీకారములు జరుగుచున్నవి.

దీనికి మధ్యవర్తి అడ్డుచెప్పవచ్చును. రాబోవునది ఆషాఢమనియో, మౌఢ్యమి వచ్చుచున్నదనియో, ఈ వారమే తాంబూలములు పుచ్చుకొననిచో ముహూర్తములుండవనియో తొందర చేయును. ముహూర్తములు లేని దినములున్నమాట నిజమే. కాని మౌఢ్యమి వచ్చును, పోవును. నాలుగు దినముల గడువునకు ఓర్వలేనివారు ఎందుకోర్వలేకున్నారో ఆరా తీయవలసినదే.

ఇక ఏకాంతముగా మాటలాడు పది నిమిషముల సంగతి. డాబాపైకో, ప్రక్కగదిలోనికో ఇద్దఱిని పంపుదురు. అచట "నీకేమి ఇష్టము" అనుకొనుచు సినిమాల పేళ్ళతో కాలము గడుచును. మా నేస్తురాలికి తెలియవలసినవి రెండే. తెనాలి విడిచి హైదరాబాదు వెళ్ళిన పిమ్మట ఉద్యోగము సాగునా? తమ్ముడు ఇంజనీరింగు రెండవ సంవత్సరము ముగించినాడు. వాని రుసుమును ఇంక రెండేండ్లు ఈమె జీతమునుండి కట్టవలెను. దానికి ఆ యింట ఒప్పుకొందురా? మిగిలినవి మఱొకమారు చూచుకొనవచ్చును.

అయితే అడుగు తీరున్నది. "నేను ఉద్యోగము చేయుట మీకిష్టమేనా" అని యడిగినచో ఏ అబ్బాయియు కాదనడు. జరుగుచున్నదానినిగూర్చి అడుగవలెను. ఆ అబ్బాయికి వదినగారున్నారట, ఆమె బ్యాంకులో పనిచేయుచున్నదట. కావున, "మీ వదినగారు ఇంటికి వచ్చేసరికి ఎంతవుతుంది? వచ్చాక రాత్రివంట ఎవరు చేస్తారు?" అని యడుగుమంటిమి. "ఏడవుతుంది. కూర అమ్మ చేసి ఉంచుతుంది, నేను అన్నం వండేస్తాను" అనినచో ఒక యిల్లు కనబడును. "ఎంతైనా వచ్చి ఆవిడే చేసుకుంటారు" అనినచో మఱొక యిల్లు కనబడును. "నాకు తెలియదండీ" అనినను అది జవాబే. అన్నము ఎట్లు వచ్చుచున్నదో చూడని వాడని తెలిసినది.

తమ్ముని మాట అడుగుటకాదు, చెప్పుట. "నా జీతంలోంచి తమ్ముడి ఫీజు కట్టాలి, ఇంకా రెండేళ్ళు. ఇది ముందే మీకు తెలియాలని చెబుతున్నాను" అని రెండు వాక్యములలో చెప్పి ఊరకుండవలెను. బ్రతిమాలవలదు, కారణములు పొడిగింపవలదు. ఆ తరువాత అతని ముఖమును చూడవలెను. వెంటనే ఒప్పుకొననంతమాత్రమున చెడ్డవాడు కాడు. "ఇంట్లో మాట్లాడి చెబుతాను" అని, చెప్పిన దినమున చెప్పినచో అట్టివాడు మంచివాడే కావచ్చును. నవ్వి ఆ మాటను దాటవేసినవాని విషయములో మాత్రము మేము జంకుదుము. ఈ మాటవలన సంబంధము తప్పిపోయిన నేమియని ఆమె యడిగినది. తప్పిపోవచ్చును, మేము దాచలేదు. కాని దాచిపెట్టి పెండ్లియాడినచో మొదటినెల జీతమునాడే ఆ తగవు వచ్చును. అప్పుడు ఆ పిల్లవాని చదువునకును ఈమె కాపురమునకును మధ్య పోటీ పడును.

భారతములో సావిత్రి కథను మనము పాతివ్రత్యముకొఱకే చెప్పుకొందుము గాని, అశ్వపతి కూతురిని వృద్ధమంత్రులతోగూడ వరుని వెదకుకొనుటకు స్వయముగా పంపినాడనియు, సత్యవంతునకు ఏడాదియే ఆయువున్నదని నారదుడు పెండ్లికి ముందే చెప్పినాడనియు మఱతుము. ఆమె సర్వమును తెలిసియే వరించినది. ఇరుప్రక్కలవారికిని ఆమాత్రము తెలివిడి యుండుట న్యాయము.

ఆ అబ్బాయి పొడిపొడిగా మాటలాడినచో, గ్లాసు పట్టుకొనిన చేయి చెమర్చినచో, దానిని లోపముగా నెంచవలదు. దమయంతి స్వయంవరమున నలుని రూపముతోనే ఐదుగురు కూర్చుండిరి. దేవతలకు ఱెప్పపాటు లేదు, చెమట లేదు, పూలు వాడలేదు. చెమర్చి, దుమ్ము సోకి, మెడలో దండ వాడినవాడే నిజమైన నలుడని ఆమె గుర్తించినది. అతనిని గూడ ఇంటివారు ఉదయమునుండి ఏ చొక్కా తొడుగవలెనో, ఏమి మాటలాడవలెనో చెప్పి వేధించియేయుందురు. ఈ మాటకు మా నేస్తురాలు మొదటిసారి నవ్వినది.

అతడు చెప్పని సంగతులకు విచారణ వేఱుగా చేయవలెను. ఆమె మేనమామ హైదరాబాదులోనే యున్నారు గనుక, వారున్న వీధిలో, పనిచేయు కార్యాలయములో, మునుపు అద్దెకున్న యింటివారివద్ద మెల్లగా కనుగొనుమని కోరవచ్చును. మధ్యవర్తి చెప్పిన మనుష్యులనే అడిగిన లాభము లేదు. ఈ పనికే నాలుగు దినముల గడువు.

కట్నమునుగూర్చి ఒక్కమాట. ఆదివారము అందఱియెదుట ఆ ప్రసంగము రాదు. మఱునాడు ఫోనులో "లాంఛనాలు", "ఆడపడుచు ముచ్చట" అను పేళ్ళతో వచ్చును. 1961వ సంవత్సరపు చట్టమునుబట్టి పుచ్చుకొనుటయే గాక ఇచ్చుటయు నేరమే. ఆ ఫోను మాటలు తల్లి తన మనస్సులోనే దాచుకొని పొలమునకు బేరము పెట్టక, కూతురికి తెలియజెప్పవలెనని ముందే అనుకొనుమంటిమి.

ఇష్టము లేనిచో కాదనుట ఎట్లు? జాతకములు పొసగలేదని చెప్పుట వాడుక. మేము దానికి పెద్దగా దోషమెన్నము గాని, జాతకములు చూచుకొనియే వచ్చినవారితో ఆ మాట చెల్లదు. "మా అమ్మాయికి కుదరలేదండీ, ఏమీ అనుకోకండి" అని తల్లి మధ్యవర్తితో చెప్పిన చాలును. కారణము చెప్పబోయినచో దానికి సమాధానము తెత్తురు. వచ్చి కాఫీ త్రాగినంతమాత్రమున వారికి పిల్లనీయవలసిన ఋణము లేదు.

వారే కాదన్నచో నొవ్వు కలుగును. కలుగదని చెప్పుటకు మాకు నోరు రాదు. కాని ఆ కాదనుటలో ఈమెకు సంబంధించిన పాలు తఱచు స్వల్పము. మఱొకచోట ఎక్కువ ఇత్తుమని యుందురు, మేనరికము తేలియుండును, అబ్బాయి మనస్సు వేఱొకచోట నుండును. ఇవేవియు పిల్లకు చెప్పరు. పది దినములు దాటినను కబురు రానిచో అదియే వారి జవాబు. తల్లి మధ్యవర్తికి ఒక్కమారు ఫోను చేసి కనుగొనవచ్చును. రెండవమారు చేయనక్కఱలేదు.