ఫొటోగ్రాఫర్‌కి జ్వరం వస్తే పెళ్లి ఫొటోలు ఎవరు తీస్తారు?

నాలుగేళ్ల కిందటి శ్రావణమాసం. తెల్లవారుజామున 2.40కి ముహూర్తం. దానికి 36 గంటల ముందు నాకు డెంగ్యూ అని రిపోర్ట్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 38 వేలు. కెమెరా బ్యాగు సర్దుకోవాల్సినవాణ్ణి సెలైన్ పెట్టించుకుని మంచం మీద పడుకున్నాను.

ఆ పెళ్లివాళ్లకీ నాకూ మధ్య ఉన్న అగ్రిమెంట్ ఏంటో తెలుసా? వాట్సాప్‌లో ‘ఓకే అన్నా, డేట్ ఫిక్స్’ అన్న ఒక్క మెసేజ్, అడ్వాన్స్ పంపిన స్క్రీన్‌షాట్. అంతే. నేను పడిపోతే ఎవరు రావాలి, వచ్చినవాళ్లు నచ్చకపోతే డబ్బులేం కావాలి... ఆ మెసేజ్‌లో వీటికి జవాబు లేదు.

మంచం మీదినుంచే పదకొండు ఫోన్లు చేశాను. బలమైన ముహూర్తం కాబట్టి అందరూ బుక్కైపోయారు. చివరికి పక్క ఊరి మిత్రుడొకడు ఒప్పుకున్నాడు. పని తెలిసినవాడే. టైముకి వెళ్లాడు, జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఏదీ వదల్లేదు. హమ్మయ్య అనుకున్నాను.

మూడు వారాల తర్వాత పెళ్లికూతురు ఫోన్ చేసింది. ‘‘అన్నా, మొత్తం చూశాను. నానమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదేంటి?’’

నాకు గుర్తొచ్చింది. బుకింగ్ రోజున వాళ్ల నాన్నగారు ప్రత్యేకంగా చెప్పారు, ‘‘బాబూ, మా అమ్మ నడవలేదు, స్టేజీ ఎక్కలేదు. వెనకాల కుర్చీలో కూర్చోబెడతాం. ఆవిణ్ణి మాత్రం మర్చిపోకు’’ అని. నేను మర్చిపోలేదు. కానీ ఆ మాట నా బుర్రలోనే ఉండిపోయింది. మిత్రుడికి నేను పంపింది మండపం లొకేషన్, ముహూర్తం టైమ్ మాత్రమే. ఆ సంక్రాంతికి నానమ్మగారు లేరు.

ఆ తర్వాతే కూర్చుని రెండు పేజీల అగ్రిమెంట్ రాసుకున్నాను. ఈ వారం దాని గురించే చెబుతాను. మీ పెళ్లైనా, అక్క పెళ్లైనా, ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్స్ కొట్టేముందు ఇది పనికొస్తుంది.

జబ్బు చేస్తే

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 40వ సెక్షన్ ఒక మాట చెబుతుంది: ఫలానా మనిషే స్వయంగా చేయాలన్న ఉద్దేశంతో కుదిరిన పనిని ఆ మనిషే చేయాలి. చట్టం ఇచ్చిన ఉదాహరణ చిత్రకారుడిది. బొమ్మ వేస్తానని మాటిస్తే తనే వేయాలి, ఇంకొకరితో వేయించకూడదు. పనితనం చూసి ఎంచుకున్న ఫొటోగ్రాఫర్‌కీ ఇదే వాదన నప్పుతుంది. అంటే మిమ్మల్ని అడక్కుండా ఇంకొకర్ని పంపేసి ‘పని అయిపోయింది’ అనడం కుదరకపోవచ్చు. నిజంగానే లేవలేని స్థితి వస్తే, తీసుకున్న అడ్వాన్స్ వెనక్కివ్వాలి.

కానీ అడ్వాన్స్ వెనక్కి వస్తే రాత్రి 2.40కి ఫొటో తీసేదెవరు? చట్టం డబ్బు వరకే తోడొస్తుంది. మిగతాది కాగితం మీద మనమే రాసుకోవాలి.

అందుకే నా అగ్రిమెంట్లో నాకు బదులుగా వచ్చే ఇద్దరి పేర్లు బుకింగ్ రోజే ఉంటాయి. వాళ్లు తీసిన పెళ్లిళ్లు మీరు ముందే చూస్తారు. నేను రాలేనని డాక్టర్ చెప్పగానే మీకు ఫోన్ చేస్తాను. ఆ ఇద్దరిలో ఒకర్ని ఒప్పుకోవడం, లేదా అడ్వాన్స్ మొత్తం తీసుకుని మీరే ఇంకొకర్ని చూసుకోవడం మీ ఇష్టం. వచ్చినతను ఎక్కువ అడిగితే ఆ తేడా నాది. తక్కువకే వస్తే మిగిలింది మీది.

దీనికి జతగా ఇంకో పేజీ ఉంటుంది. మాటల్లో ‘పెళ్లి చీటీ’ అంటాను. పెళ్లికూతురు చేసేది ఎన్నింటికి, ఎదుర్కోలు ఎక్కడ, రెండువైపులా ముఖ్యమైన పదిహేను మంది ఎవరు, ఎవరెక్కడ కూర్చుంటారు, ఎవరికి ఎవరితో ఫొటో కావాలి... అన్నీ అందులోనే. పెళ్లికి వారం ముందు మీరూ నేనూ కలిసి నింపుతాం. ఒక కాపీ ఆ ఇద్దరి ఫోన్లలోకీ వెళ్తుంది. ఆ రోజు నానమ్మగారి పేరు ఇలా ఒక చీటీలో ఉండుంటే చాలు, మిత్రుడు వెనక కుర్చీ దాకా వెళ్లేవాడు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. జబ్బు పెళ్లయ్యాక కూడా రావచ్చు. అప్పుడు మీ ఫొటోలు లాక్ ఉన్న కంప్యూటర్లో, ఎవరికీ తెలియని హార్డ్ డిస్కులో చిక్కుకుపోతాయి. అందుకే పెళ్లి ముగిసిన 48 గంటల్లో రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల అని రాస్తాను. రెండోది నా సెకండ్ కెమెరామన్ దగ్గర ఉంటుంది. జబ్బు వల్ల ఎడిటింగ్ 30 రోజులకు మించి ఆలస్యమైతే ఒరిజినల్ ఫైళ్లు మీకిచ్చేయాలి, చేయని పనికి డబ్బు తీసుకోకూడదు.

ఏమేం ఇస్తారు

‘ఆల్బమ్, వీడియో, పెన్‌డ్రైవ్ అన్నీ ఇస్తాం’ అన్నది మాట మాత్రమే. లెక్క ఉండాలి. 1,50,000 రూపాయల ప్యాకేజీకి నేను రాసేది ఇలా ఉంటుంది: క్యాండిడ్ ఒకరు, ట్రెడిషనల్ ఒకరు, వీడియో ఒకరు, ఎడిట్ చేసిన ఫొటోలు 400, 12x36 సైజు ఆల్బమ్ ఒకటి, 30 షీట్లు, మూడు నిమిషాల టీజర్, రెండు గంటల వీడియో. డ్రోన్ ఉందో లేదో, అప్పగింతల దాకా ఉంటామో ముహూర్తంతో ఆపేస్తామో కూడా రాస్తాం.

గొడవలు ఎక్కువగా వచ్చేది గడువు దగ్గరే. ‘60 రోజుల్లో ఆల్బమ్’ అంటాం. కానీ ఆల్బమ్‌లోకి ఏ ఫొటోలు వెళ్లాలో ఎంచాల్సింది మీరు. అత్తగారింట్లో ఒక మాట, పుట్టింట్లో ఒక మాట, అలా ఆర్నెల్లు గడిచిన సందర్భాలున్నాయి. అందుకని గడువు రెండు ముక్కలు చేశాను. ఎంచుకోవడానికి ఫొటోలు మీకు 20 రోజుల్లో వస్తాయి. మీరు సెలెక్షన్ పంపిన రోజు నుంచి 45 రోజుల్లో ఆల్బమ్. ఎవరి ఆలస్యం ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది.

ఫొటోలు ఎవరివి

ఇది తెలిస్తే మీరే ఆశ్చర్యపోతారు. కాపీరైట్ చట్టం–1957లో 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అయితే ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న షరతుంది. కొన్ని స్టూడియోల కాగితం చివర చిన్న అక్షరాల్లో ‘అన్ని హక్కులూ స్టూడియోవే’ అని ఉంటుంది చూడండి, ఆ వేరే ఒప్పందం అదే. మీరు సంతకం పెడితే లెక్క మారిపోతుంది.

నేనూ ఒకప్పుడు తప్పు చేశాను. మంగళస్నానాల ఫొటో ఒకటి బాగా వచ్చిందని అడక్కుండా రీల్‌లో పెట్టాను. ఆ అమ్మాయి ఆఫీసులో అందరి ఫోన్లకీ వెళ్లింది. తీసేశాను, క్షమాపణ చెప్పాను. కానీ చూసినవాళ్లు చూసేశారు.

ఇప్పుడు నా కాగితంలో హక్కులు పెళ్లివాళ్లవే. నా పేజీలో పెట్టుకోవడానికి మీరు టిక్ పెట్టిన 20 ఫొటోలు మాత్రమే, అదీ పెళ్లైన నెల తర్వాత. పసిపిల్లలవి, మంగళస్నానాలవి అసలు పెట్టను. తర్వాత మనసు మారి తీసేయమంటే 48 గంటల్లో తీసేస్తాను. ఒక జాగ్రత్త: డబ్బు కట్టేది నాన్నగారైనా, అగ్రిమెంట్లో వధూవరుల పేర్లు కూడా రాయించండి. మగపెళ్లివారు వేరే ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకుంటే ఆ కాగితం వేరు, దాని షరతులు వేరు.

పెళ్లి ఆగితే

‘అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు’ అనే ఒక్క లైనుతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. మా బాధ కూడా నిజమే. మూఢం, ఆషాఢం పోగా మిగిలే ముహూర్తాలే కొన్ని. మీ తేదీ కోసం ఇంకొకర్ని కాదంటాం. అలాగని ఏడాది ముందు ఆగిన పెళ్లికీ, వారం ముందు ఆగిన పెళ్లికీ ఒకే కోత న్యాయం కాదు. కోర్టుకెళ్లినా, కాగితంలో రాసిన మొత్తం పైహద్దు మాత్రమే. దానికి లోబడి సబబైన పరిహారమే ఇప్పిస్తారు.

నా లెక్క ఇది. అడ్వాన్స్ 50,000. అందులో 15,000 తేదీ ఆపినందుకు. 60 రోజుల కంటే ముందు ఆగితే 35,000 తిరిగిస్తాను. తర్వాత ఆగితే 50,000 నా దగ్గరే ఉంటుంది. కానీ అదే తేదీకి నాకు ఇంకో పెళ్లి దొరికితే మళ్లీ 35,000 మీదే. జబ్బు కాకుండా వేరే కారణంతో నేనే తప్పుకుంటే 50,000 ఇచ్చి, పైన ఇంకో 15,000 నేను కట్టాలి.

వాయిదా వేరు, రద్దు వేరు. ఇంట్లో ఎవరైనా పోయి మైల వస్తే ముహూర్తం మారుతుంది. దాన్ని రద్దు కింద లెక్కేయడం నాకు నచ్చదు. ఏడాదిలోపు కొత్త తేదీకి నేను ఖాళీగా ఉంటే ఒకసారి పైసా తీసుకోకుండా మారుస్తాను. ఖాళీ లేకపోతే 15,000 మినహా మిగతాది తిరిగిస్తాను.

ఈ రెండు పేజీలకు లాయర్ అక్కర్లేదు. తెలుగులోనే రాసుకోండి. ఇద్దరూ సంతకాలు పెట్టి, ఫొటో తీసి, చెరో ఫోన్లో ఉంచుకోండి. సంతకం పెట్టేముందు ఫొటోగ్రాఫర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ‘‘అన్నా, ఆ రోజు మీకు జ్వరం వస్తే ఎవరొస్తారు?’’ నవ్వేసి ‘నాకేం కాదులే’ అంటే కాగితం పక్కన పెట్టి ఇంకాసేపు మాట్లాడండి. నేనూ అప్పట్లో అలాగే నవ్వేవాణ్ణి.

వచ్చే శ్రావణంలో నాకు మూడు పెళ్లిళ్లున్నాయి. మూడు చీటీల్లోనూ మొదటి గడి ఒకటే: ‘స్టేజీ ఎక్కలేని పెద్దవాళ్లు ఎవరు? ఎక్కడ కూర్చుంటారు?’