ముందు మనమే చెప్పేస్తే వాళ్ల చేతిలో ఏముంటుంది?

గత నెల ఒక రాత్రి తొమ్మిదిన్నరకు కొత్త నంబర్ నుంచి ఫోన్. "మీ స్టూడెంట్ వాళ్ల నాన్న మోసగాడు. డబ్బు కట్టమని చెప్పండి!" ఆ తండ్రి ఫోన్‌లోని కాంటాక్ట్స్ నుంచే నా నంబర్ వాళ్లకు చేరింది.

ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పోయింది పూడ్చుకోవడానికి ఒక లోన్ యాప్‌లో రూ.10,000 తీసుకున్నారు. చేతికొచ్చింది రూ.6,500. వారంలో కట్టాల్సింది మాత్రం పదివేలు. దాన్ని తీర్చడానికి ఇంకో యాప్.

ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం లోన్ యాప్ మన కాంటాక్ట్స్, ఫొటోల జోలికి రాకూడదు. రికవరీ ఏజెంట్ ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మనల్ని అరెస్ట్ చేసే అధికారం అతనికి లేదు. అలాగని అప్పు మాఫీ అయిపోదు. అప్పిచ్చిన సంస్థ పేరు ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉందేమో చూడాలి. ఉంటే ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు రాసి, బాకీ సంస్థ ఖాతాకే కట్టాలి, ఏజెంట్ పంపిన క్యూఆర్ కోడ్‌కు కాదు.

ఆయన ముందు కాల్స్, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచారు. తర్వాత యాప్ పర్మిషన్లు తీసేశారు. 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు పెట్టారు. అప్పటికే వెళ్లిపోయిన కాంటాక్ట్స్ వెనక్కి రావు కదా! అందుకే తెలిసినవాళ్లందరికీ తనే మెసేజ్ పెట్టారు: "నా గురించి ఫోన్ వస్తే జవాబివ్వకండి. స్క్రీన్‌షాట్ పంపండి." ఏజెంట్ వ్యాపారమంతా మన పరువు భయం మీదే. ఇంట్లో, బంధువుల్లో విషయం ముందే తెలిస్తే అతను బయటపెట్టడానికి ఏమీ మిగలదు.

క్లాస్ టీచర్‌కు కూడా చెప్పండి. అలాంటి ఫోన్ వస్తే పిల్లల దాకా రానివ్వం.