క్లర్కా.. పీఓనా.. ప్రైవేట్ బ్యాంకా? హిందూపురం నుంచి ఏ ఉద్యోగం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుసా?

బ్యాంక్ ఉద్యోగం అనగానే ముందు జీతం గురించి అడుగుతారు. కానీ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కోచింగ్ తీసుకుంటున్న అభ్యర్థుల ఇళ్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్న వేరు. "పోస్టింగ్ ఎక్కడ వేస్తారు? మళ్లీ ఇటు ఎప్పుడు వస్తావు?" అని. ఈ ప్రశ్నకు క్లర్క్, ఆఫీసర్, ప్రైవేట్ బ్యాంక్.. మూడింటిలో మూడు రకాల సమాధానాలు ఉన్నాయి. ప్రమోషన్ కూడా దానితోనే ముడిపడి ఉంది. అందుకే అప్లికేషన్ పెట్టే ముందే ఈ లెక్క తెలుసుకోవాలి.

సొంత రాష్ట్రం అంటే సొంతూరు కాదు

ఐబీపీఎస్ క్లర్క్ పోస్టు పేరు 2025 నోటిఫికేషన్ నుంచి కస్టమర్ సర్వీస్ అసోసియేట్‌గా మారింది. పేరు మారినా అసలు రూల్ మారలేదు. అభ్యర్థి ఒక్క రాష్ట్రాన్నే ఎంచుకోవాలి. ఆ రాష్ట్ర ఖాళీలకే పోటీ పడాలి. అక్కడి భాష చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. ఎస్‌బీఐ జూనియర్ అసోసియేట్ పోస్టుకూ ఇదే పద్ధతి. పైగా ఒక సర్కిల్ నుంచి ఇంకో సర్కిల్‌కు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి బదిలీ ఉండదని ఎస్‌బీఐ నోటిఫికేషన్‌లోనే చెప్తుంది.

చాలామందికి ఇది ప్లస్ పాయింట్‌గానే కనిపిస్తుంది. రాష్ట్రం దాటక్కర్లేదు కదా అనుకుంటారు. కానీ ఒకసారి మ్యాప్ చూడండి. హిందూపురం నుంచి బెంగళూరు దాదాపు 100 కిలోమీటర్లు. శ్రీకాకుళం దాదాపు 1000 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ ఎంచుకున్న క్లర్క్‌కు మొదటి పోస్టింగ్ శ్రీకాకుళంలో వచ్చినా అది 'సొంత రాష్ట్రమే'. కర్ణాటక ఎంచుకున్నవారికి గౌరీబిదనూరులో వస్తే రోజూ ఇంటి నుంచి వెళ్లి రావచ్చు, బీదర్‌లో వస్తే మాత్రం అది కూడా దూరమే. అంటే రాష్ట్రం రూల్ హద్దు గీస్తుంది తప్ప, ఆ హద్దు లోపల ఏ ఊరు అన్నది బ్యాంకు చేతిలోనే ఉంటుంది.

హిందూపురం, మడకశిర వైపు కన్నడ మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే కొందరికి కర్ణాటక ఆప్షన్ మీద ఆశ ఉంటుంది. ఇక్కడే జాగ్రత్త అవసరం. మాట్లాడటం వస్తే సరిపోదు. పదో తరగతిలోనో, ఇంటర్‌లోనో ఆ భాష చదివినట్టు సర్టిఫికెట్ ఉంటే ఎస్‌బీఐ భాషా పరీక్ష నుంచి మినహాయిస్తుంది. లేకపోతే పరీక్ష రాయాలి. అందులో ఫెయిలైతే మెయిన్స్‌లో ఎన్ని మార్కులు వచ్చినా ఉద్యోగం రాదు. కన్నడ లిపి రాయడం రానివాళ్లు ఈ ఆప్షన్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

క్లర్క్ ప్రమోషన్ వదులుకోవడం వెనుక లెక్క ఏంటి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2024 మార్చి 8న కుదిరిన 12వ ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం క్లర్క్ ప్రారంభ మూలవేతనం 24,050 రూపాయలు. స్కేల్-1 ఆఫీసర్‌ది 48,480 రూపాయలు. అంటే రెట్టింపు కన్నా కాస్త ఎక్కువే.

23 ఏళ్లకు క్లర్క్‌గా చేరిన ఒక హిందూపురం కుర్రాడిని ఉదాహరణగా తీసుకుందాం. ప్రమోషన్ ఏదీ లేకుండా, ఏడాదికో ఇంక్రిమెంట్‌తో ముందుకెళ్తే, ప్రస్తుత స్కేలు ప్రకారం 13 ఇంక్రిమెంట్ల తర్వాత అతని మూలవేతనం 48,040 అవుతుంది. 14వ ఇంక్రిమెంట్‌తో 50,380కి చేరుతుంది. అంటే పీఓ మొదటి రోజు అందుకునే మూలవేతనాన్ని దాటడానికి ఇతనికి దాదాపు 37 ఏళ్లు వస్తాయి. ఎస్‌బీఐలో డిగ్రీ ఉన్నవారికి రెండు అదనపు ఇంక్రిమెంట్లు ఇచ్చి 26,730 దగ్గర మొదలుపెడతారు కాబట్టి అక్కడ రెండేళ్లు తగ్గుతాయి. ఒప్పందాలు మారినప్పుడు అంకెలు మారతాయి కానీ, ఈ గ్యాప్ మాత్రం ఉంటుంది.

మరి మధ్యలో ప్రమోషన్ తీసుకోవచ్చు కదా? తీసుకోవచ్చు. క్లర్క్ నుంచి స్కేల్-1కి ప్రతి ప్రభుత్వ బ్యాంకులో అంతర్గత పరీక్షలు ఉన్నాయి. సీనియారిటీ దారి ఒకటి, తక్కువ సర్వీసుతో వెళ్లే ఫాస్ట్ ట్రాక్ ఇంకొకటి. ఎన్నేళ్ల సర్వీసు కావాలన్నది బ్యాంకును బట్టి మారుతుంది. నాలుగు పేపర్ల జేఏఐఐబీ పాసైతే ఇంక్రిమెంట్‌తో పాటు ప్రమోషన్ ప్రక్రియలోనూ చాలా బ్యాంకుల్లో ఉపయోగం ఉంటుంది.

అయినా చాలామంది క్లర్కులు ప్రమోషన్ పరీక్షకే వెళ్లరు. కారణం బదిలీ. క్లర్క్‌గా ఉన్నంతకాలం రాష్ట్రం రూల్ కాపాడుతుంది. ఆఫీసర్ అయిన రోజే ఆ రక్షణ పోతుంది, దేశంలో ఎక్కడికైనా వెళ్లాల్సిందే. నాలుగైదేళ్లు ఎదురుచూసి సొంత జిల్లాకు వచ్చిన క్లర్క్‌కు అప్పటికి పెళ్లి అయి ఉంటుంది, పిల్లలు స్కూల్లో ఉంటారు. జీతంలో వచ్చే తేడా కన్నా రెండు చోట్ల కాపురం ఖర్చు ఎక్కువనిపిస్తుంది. అలా ఒకసారి వాయిదా వేసిన ప్రమోషన్ చాలామందికి శాశ్వతంగా ఆగిపోతుంది.

ఇక్కడ ఇంకో దారి ఉంది. క్లర్క్‌గా చేస్తూనే పీఓ పరీక్ష నేరుగా రాయడం. క్లర్క్ పరీక్షకు జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 28 అయితే, పీఓకి 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. 23కి క్లర్క్‌గా చేరినవారికి ఇంకా ఆరేడేళ్లు చేతిలో ఉన్నట్టే. కాకపోతే బ్యాంకు నుంచి ఎన్ఓసీ తీసుకోవాలి.

పీఓ: నిచ్చెన ఎక్కాలంటే ఊళ్లు మారాలి

ఐబీపీఎస్ పీఓ అప్లికేషన్‌లో రాష్ట్రం ఎంచుకోవడం ఉండదు. బ్యాంకుల ప్రాధాన్యం మాత్రమే ఇవ్వగలరు. ధర్మవరం అభ్యర్థికి మొదటి పోస్టింగ్ బిహార్‌లోనో, గుజరాత్‌లోనో రావచ్చు. మధ్యలో మానేద్దామంటే బాండ్ ఉంటుంది. ఎస్‌బీఐ పీఓలు కనీసం మూడేళ్లు పనిచేస్తామని 2 లక్షల రూపాయలకు బాండ్ రాయాలి.

దీనికి బదులుగా దక్కేది స్పష్టమైన నిచ్చెన. స్కేల్-1 అసిస్టెంట్ మేనేజర్, స్కేల్-2 మేనేజర్, స్కేల్-3 సీనియర్ మేనేజర్, స్కేల్-4 చీఫ్ మేనేజర్. ఆపైన ఏజీఎం, డీజీఎం, జీఎం. పైమెట్లు ఎక్కడానికి పరీక్ష, ఇంటర్వ్యూలతో పాటు గ్రామీణ లేదా సెమీ అర్బన్ బ్రాంచిలో పనిచేసిన అనుభవం కూడా సాధారణంగా అడుగుతారు.

ఈ మాటకు మన దగ్గర ఆసక్తికరమైన అర్థం ఉంది. రిజర్వ్ బ్యాంక్ లెక్కలో 10 వేల నుంచి లక్ష లోపు జనాభా ఉంటే సెమీ అర్బన్, లక్ష దాటితే అర్బన్. 2011 జనాభా లెక్కల ప్రకారం హిందూపురం, ధర్మవరం రెండూ లక్ష దాటాయి. పెనుకొండ దాటలేదు. కాబట్టి సొంత ప్రాంతానికి బదిలీ దొరికే ఛాన్స్ ఉన్న ఆఫీసర్‌కు పెనుకొండ బ్రాంచి అయితే సెమీ అర్బన్ సర్వీసు కింద పనికొచ్చే అవకాశం ఉంటుంది. హిందూపురం మెయిన్ బ్రాంచిలో కూర్చుంటే ఆ లెక్కలోకి రాదు. 'ఇంటికి దగ్గర' అన్న ఒక్క కారణంతో బ్రాంచి కోరుకునే ముందు ఇది చూసుకోవాలి.

బదిలీల విషయంలో కాస్త ఊరట కూడా వచ్చింది. 2024 నవంబర్‌లో కేంద్ర ఆర్థిక సేవల విభాగం ప్రభుత్వ బ్యాంకులకు ఒక సూచన పంపింది. బదిలీలు ఆన్‌లైన్‌లో జరగాలని, ఉద్యోగులు ఊరి ఆప్షన్లు ఇచ్చే వీలుండాలని, వీలైనంత వరకు జూన్ లోపు పూర్తి చేయాలని, మహిళలకు దగ్గర్లో పోస్టింగ్ చూడాలని కోరింది. పిల్లల అకడమిక్ ఇయర్ మధ్యలో బదిలీ ఆర్డర్ వచ్చే బాధ దీనితో తగ్గాలి. కానీ ఇది సూచనే. ఖాళీ లేకపోతే ఆప్షన్ ఇచ్చినా ఊరు దక్కదు.

గ్రామీణ బ్యాంక్: మధ్యే మార్గం.. కానీ పెరిగిన పరిధి

ఆఫీసర్ కావాలి, రాష్ట్రం దాటకూడదు అనుకునేవారు ఇన్నాళ్లూ గ్రామీణ బ్యాంక్ వైపు చూసేవారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఉన్నది కడప కేంద్రంగా పనిచేసిన ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంక్. దాని పరిధి అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు, ప్రకాశం జిల్లాలే. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి. ఆఫీసర్‌గా రాష్ట్రంలోనే ఉండొచ్చన్న సౌలభ్యం ఇప్పటికీ ఉంది. కానీ బ్యాంకు పరిధి ఐదు జిల్లాల నుంచి రాష్ట్రం మొత్తానికి పెరిగింది. సీనియర్లు చెప్పే పాత అనుభవాన్ని నమ్మి ఈ పరీక్ష రాసేవాళ్లు ఈ మార్పు గమనించాలి.

ప్రైవేట్ బ్యాంక్: ఊరు దగ్గర, టార్గెట్ ఇంకా దగ్గర

ప్రైవేట్ బ్యాంకులో సీన్ పూర్తిగా వేరు. చాలా పోస్టులకు ఊరిని బట్టే రిక్రూట్‌మెంట్ జరుగుతుంది. హిందూపురం బ్రాంచిలో ఖాళీ ఉంటే హిందూపురం కుర్రాడినే తీసుకోవచ్చు. స్థానిక వ్యాపారులు, ధర్మవరం పట్టు చీరల షాపులు, పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీల ఉద్యోగులు తెలిసినవాడైతే అకౌంట్లు, లోన్లు తెస్తాడని బ్యాంకు లెక్క. అపాయింట్‌మెంట్ లెటర్‌లో 'దేశంలో ఎక్కడికైనా బదిలీ' అన్న క్లాజు ఉంటుంది కానీ, కింది స్థాయిలో బదిలీలు ఎక్కువగా చుట్టుపక్కల బ్రాంచిలకే ఉంటాయి.

ప్రమోషన్ సర్వీసును బట్టి కాదు, ఏటా వచ్చే రేటింగ్‌ను బట్టి. బాగా బిజినెస్ తెచ్చినవారు తక్కువ ఏళ్లలోనే డిప్యూటీ మేనేజర్, మేనేజర్ అవుతారు. ప్రభుత్వ బ్యాంకులో క్లర్క్ ఇంకా మొదటి బదిలీ కోసం ఎదురుచూస్తున్న సమయానికి ఇక్కడ రెండు మెట్లు ఎక్కేయొచ్చు. టార్గెట్ తప్పితే మాత్రం రేటింగ్ పడిపోతుంది. దాంతో హైక్, ప్రమోషన్ రెండూ పోతాయి. ఆదుకోవడానికి ద్వైపాక్షిక ఒప్పందం లాంటిది చాలా ప్రైవేట్ బ్యాంకుల్లో ఉండదు. కొన్ని ప్రైవేట్ బ్యాంకుల్లో ఏడాదికి సగటున 25 శాతం మంది వరకు ఉద్యోగాలు మానేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2024 డిసెంబర్ నివేదికలో ఆందోళన చెప్పింది. అంటే నలుగురిలో ఒకరు.

అందుకే ఆఫర్ లెటర్ వచ్చాక జీతం అంకె ఒక్కటే చూడకండి. ఉద్యోగం ఇస్తున్నది బ్యాంకా, లేక దాని అనుబంధ కంపెనీయా? పోస్టు సేల్స్‌లోనా, ఆపరేషన్స్‌లోనా? నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు? ట్రైనింగ్ ఫీజు మీరే కట్టాలా, మధ్యలో మానేస్తే ఆ డబ్బు సంగతేంటి? ఈ నాలుగు సమాధానాలు కాగితం మీద ఉండాలి. మాటలతో చెప్పింది లెక్కలోకి రాదు.

మరి ఏది ఎంచుకోవాలి?

మూడు దారుల్లో ఊరు మారే టైమ్ వేరు, దాన్ని నిర్ణయించేవారు వేరు. పీఓ మొదటి రోజే దూరం వెళ్తారు, కెరీర్ మొత్తం తిరుగుతూనే ఎదుగుతారు. క్లర్క్ రాష్ట్రంలోనే ఉంటారు కానీ, ఎదగాలంటే ఎప్పుడో ఒకప్పుడు హద్దు దాటాలి. ప్రైవేట్‌లో ఊరు కదలక్కర్లేదు కానీ, కుర్చీ నిలబడటం ప్రతి ఏడాది రేటింగ్ మీద ఆధారపడుతుంది. తిరగడానికి 23 ఏళ్ల వయసులో ఉన్న వెసులుబాటు 37లో ఉండదు. క్లర్క్‌గా చేరుతున్నవారు ప్రమోషన్‌కు 'తర్వాత చూద్దాం' అనే ముందు ఈ ఒక్క లెక్క ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.