తప్పు చేయనప్పుడు ‘క్షమించండి’ అని ఎందుకు రాయాలి?

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి.

మా పిన్నికి పాడేరు వైపు చిన్న కొట్టు ఉంది. పసుపు, పిప్పళ్లు, రాజ్మా, తేనె అమ్ముతుంది. రెండేళ్ల కిందట ఆమెకి నేనే ఒక బిజినెస్ పేజీ చేసి ఇచ్చాను. జూలై 18న అది మూసేశారు. ‘మోసం చేస్తున్నట్టు అనుమానం’ అని ఒకే ఒక్క ముక్క రాశారు. ఏ పోస్టు, ఎవరి డబ్బు, ఏమీ లేదు.

మా తమ్ముడు ఆ రాత్రే అప్పీల్ పెట్టేశాడు. “సార్, మేము పేద గిరిజనులం, తెలియక ఏమైనా తప్పు చేస్తే క్షమించండి, దయచేసి పేజీ ఇవ్వండి.” పొద్దున లేచేసరికి తిరస్కరించారు. వాడిని తిట్టలేను. మా నాన్న ఆఫీసులకి పెట్టుకున్న అర్జీలన్నీ ఇలాగే ఉండేవి. కానీ చూడండి, ‘తప్పు చేస్తే క్షమించండి’ అన్న మాట చదివేవాడికి సగం ఒప్పుకున్నట్టే. పేదవాళ్లమన్నది నిజమే గానీ, మోసం చేయలేదనడానికి అది రుజువు కాదు. మోసగాడు కూడా అదే రాస్తాడు.

గ్రూపులో కొందరు “ఎందుకురా ఈ గోల, కొత్త పేజీ పెట్టుకో” అన్నారు. నేను ఒప్పుకోను. అప్పీల్ నడుస్తుండగా అదే ఫోన్ నుంచి అదే సరుకుతో ఇంకో పేజీ తెరిస్తే, తప్పించుకుపోతున్నారని వాళ్ల అనుమానానికి మనమే బలం ఇచ్చినట్టు. ఇంకొకడు పిన్నికి మెసేజ్ పెట్టాడు, 2,000 ఇస్తే పేజీ తెరిపిస్తానని, ఓటీపీ చెప్పమని. అసలు మోసగాడు వాడే, వాడి పేజీ మాత్రం దర్జాగా నడుస్తోంది!

నేను, పిన్ని కూర్చుని బయటివాళ్ల కళ్లతో మా పేజీ చూశాం. ముందు వారమే పేజీ పేరు మార్చాం. యూపీఐ కొడుకు పేరు మీద ఉంది, ఎందుకంటే పిన్నికి స్మార్ట్ ఫోన్ లేదు. మూడు ఫోన్లలో లాగిన్ ఉంది, సిగ్నల్ ఎవరికి దొరికితే వాళ్లు జవాబిస్తారు. వానలకి ఘాట్ రోడ్డు మూతపడి, బస్సులో వేయాల్సిన మూడు పార్సిళ్లు ఆగిపోయాయి. ముందే డబ్బు కట్టిన ఆ ముగ్గురిలో ఒకాయన రిపోర్ట్ కొట్టానని తానే చెప్పాడు. వీటిలో ఏది కారణమో కంపెనీ చెప్పలేదు, ఇది మా ఊహే. కానీ నాకు మండేది ఇక్కడే. ఒక ఫోన్ నలుగురు వాడుకోవడం, వానొస్తే దారి మూసుకుపోవడం మన బతుకు. దాన్నే దొంగతనం గుర్తులుగా చదివితే మనం ఏం అమ్మగలం?

అందుకే రెండో ఉత్తరంలో బతిమాలలేదు. ఇంగ్లీషులో పంపాం, తెలుగులో ఇదీ సారాంశం:

“జూలై 18న మూసిన మా పేజీ గురించి ఇది. మేము మోసం చేయలేదు. జూలై మొదటి వారంలో వచ్చిన మూడు ఆర్డర్లు, మొత్తం 1,460 రూపాయలు, వర్షాలకి రోడ్డు మూసినందున ఆలస్యమయ్యాయి. ఇద్దరికి పార్సిల్ చేరింది, బస్ పార్సిల్ రసీదులు జత చేశాం. మూడో వ్యక్తికి 480 రూపాయలు జూలై 16న తిరిగి పంపాం, యూపీఐ లావాదేవీ నంబర్ ఇది. ఖాతా నా కొడుకుది, ఇద్దరి ఆధార్‌లూ జత చేశాం. పేరు మార్చింది కొట్టు బోర్డుతో సరిపోవాలని, బోర్డు ఫోటో, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితం చూడండి. ఏ పోస్టు లేదా ఏ లావాదేవీ మీద అనుమానమో రాతపూర్వకంగా చెప్పండి. మనిషి చేత మళ్లీ పరిశీలించి పేజీ తెరవండి.”

ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఫుడ్ రిజిస్ట్రేషన్‌లో వెనకుంది. దానికి కూడా ఒక వాక్యం రాశాం. మనవాళ్లలో ఇలా చాలామందికి ఉంటుంది, వదిలేయకండి.

దీన్ని మామూలు ఫారంలో కాకుండా, కంపెనీ సైట్‌లో ఉండే భారత గ్రీవెన్స్ అధికారికి మెయిల్ చేశాం. ఆ అధికారి పేరు, చిరునామా సైట్‌లో పెట్టాలని 2021 ఐటీ నియమాలే చెప్తున్నాయి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, గడువులోపు తేల్చాలని వాటిలో రాశారు. ఆ జవాబు నచ్చకపోతే, లేదా గడువులో తేల్చకపోతే, gac.gov.in లో కేంద్రం పెట్టిన అప్పీలు కమిటీకి వెళ్లొచ్చు. జవాబు వచ్చిన 30 రోజుల్లోపే వెళ్లాలి, అందుకే వచ్చిన ప్రతి మెయిల్‌నీ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

పదకొండో రోజు పేజీ తెరిచారు. ‘పొరపాటు జరిగింది’ అని ఒక్క లైన్. ఏ పొరపాటో లేదు. పిన్ని దగ్గర పసుపు కోసం ఎదురుచూసిన ముగ్గురు వేరేచోట కొనేసుకున్నారు. అది ఎవరు తిరిగిస్తారు? ఏం చూసి మూశారో చెప్పమని మళ్లీ మెయిల్ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే పెడతాను.